ఇంటిల్లిపాదికీ ఒకే క్యాలెండర్: ఈవెంట్ అందరికీ కనిపిస్తోంది, అలర్ట్ నా ఫోన్‌లోనే మోగుతోంది

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ ఉంటాం. అక్క రాయగడలో, తమ్ముడు బరంపురంలో, చిన్న మావయ్య టెక్కలిలో. అమ్మని నెలనెలా బరంపురం తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాలి. ఎప్పుడు వెళ్ళాలి, బస్సు దగ్గరికి ఎవరు రావాలి అన్నది ఇన్నాళ్ళూ ఫోన్ల మీదే నడిచింది. ఇప్పుడు గూగుల్ క్యాలెండర్‌లో "మన ఇల్లు" అని విడిగా ఒక క్యాలెండర్ తెరిచి, అందరి జీమెయిల్‌కీ షేర్ చేసి, సబ్‌స్క్రైబ్ చేసుకోమన్నాను.

ఈవెంట్ పెట్టేటప్పుడు ఒకరోజు ముందు ఒకటి, రెండు గంటల ముందు ఒకటి అలర్ట్ పెడుతున్నాను. నా ఫోన్ చక్కగా మోగుతుంది. అక్క ఫోన్‌లో ఈవెంట్ కనిపిస్తుంది గానీ అలర్ట్ రాదు. తమ్ముడిది ఐఫోన్, వాడిదీ అదే కథ. మావయ్యకైతే ఈవెంటే కనిపించడం లేదు. అలర్ట్ రాకపోతే ఇంత చేసి ప్రయోజనం ఏముంది? తేడా ఎక్కడుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

గోపాలపూర్ కెరటం

సబ్‌స్క్రిప్షన్ అంటున్నారు కదా, అందరికీ కలిపి ఫ్యామిలీ ప్లాన్ తీసుకోవాలేమో? మేము సినిమాల యాప్‌కి అలాగే తీసుకున్నాం. డబ్బు కట్టినవాళ్ళ ఫోన్‌లోనే అన్నీ పనిచేస్తాయి, మిగతావాళ్ళకి కొన్ని ఆపేస్తారు.

మహేంద్రతనయ

లేదండీ, దీనికి డబ్బేమీ కట్టనక్కరలేదు. ఒకరి క్యాలెండర్‌ని ఇంకొకరు తమ ఫోన్‌లో కలుపుకోవడాన్నే సబ్‌స్క్రైబ్ అంటున్నారు.

పట్టుదారం, బరంపురం

దీనికి తేలిక దారి ఉంది. కంప్యూటర్‌లో calendar.google.com తెరిచి, మీ క్యాలెండర్ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి, `Settings and sharing`లోకి వెళ్ళండి. బాగా కిందకి వెళ్తే `Secret address in iCal format` అని ఒక లింకు ఉంటుంది. దాన్ని వాట్సాప్‌లో ఇంటి గ్రూపులో పెట్టేయండి. ఎవరికివాళ్ళు తమ ఫోన్‌లో కలుపుకుంటారు. జీమెయిల్ లేనివాళ్ళకీ పనిచేస్తుంది, ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. మా ఇంట్లో ఇదే వాడుతున్నాం, ఇంకేమీ అక్కరలేదు.

వంశధార గట్టు, గుణుపురం

పట్టుదారం గారు చెప్పిన లింకు నిజమే, దానికీ చోటుంది. దాని సంగతి తరవాత చెప్తాను. ముందు అసలు ప్రశ్న చూద్దాం.

మహేంద్రతనయ గారూ, మీరు షేర్ చేసింది ఈవెంట్‌ని. అలర్ట్ షేర్ కాదు. షేర్ చేసిన క్యాలెండర్‌లో ఎవరి అలర్ట్ వాళ్ళదే. మీరు ఈవెంట్‌లో పెట్టిన "ఒకరోజు ముందు" అన్నది మీ ఖాతాకి మాత్రమే. అక్కగారి ఖాతా ఆ ఈవెంట్‌ని అందుకోగానే "ఈ క్యాలెండర్‌కి ఈవిడ డిఫాల్ట్‌గా ఏ అలర్ట్ పెట్టుకున్నారు?" అని చూస్తుంది. షేర్‌లో వచ్చిన క్యాలెండర్‌కి ఆ గడి మామూలుగా ఖాళీగా ఉంటుంది. కాబట్టి ఈవెంట్ కనిపిస్తుంది, ఫోన్ మోగదు. ఆవిడ ఫోన్‌లో చెడిపోయిందంటూ ఏమీ లేదు.

అందుకని చేయాల్సిన పని మీ ఫోన్‌లో కాదు, ఒక్కొక్కరి ఖాతాలో ఉంది. అక్కగారిని గూగుల్ క్యాలెండర్ యాప్ తెరిచి, ఎడమవైపు పైన మూడు గీతలు నొక్కి, `Settings`లోకి వెళ్ళమనండి. అక్కడ ఆవిడ జీమెయిల్ కింద "మన ఇల్లు" పేరు కనిపిస్తుంది. దాన్ని నొక్కితే డిఫాల్ట్ నోటిఫికేషన్ పెట్టుకునే చోటు వస్తుంది. ఒకరోజు ముందు, రెండు గంటల ముందు అని రెండూ అక్కడ పెట్టుకోవాలి. ఐఫోన్‌లో కూడా గూగుల్ క్యాలెండర్ యాప్ వాడితే దారి ఇదే. ఒకసారి పెడితే చాలు. ఇకమీద ఎవరు ఈవెంట్ పెట్టినా ఆ అలర్ట్ వస్తుంది, ఇప్పటికే ఉన్న ఈవెంట్‌లకీ వస్తుంది.

ఒక జాగ్రత్త. టైముతో పెట్టే ఈవెంట్‌కి ఒక గడి, రోజంతా అని పెట్టే ఈవెంట్‌కి ఇంకో గడి ఉంటాయి. కంప్యూటర్‌లో ఇవి `Event notifications`, `All-day event notifications` అని విడివిడిగా కనిపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళే పని మొదటిదాని కిందికి వస్తుంది. పుట్టినరోజులు, ఆబ్దికాలు, ఇంటి పన్ను ఆఖరు తేదీ రెండోదాని కిందికి వస్తాయి. చాలామంది మొదటిది పెట్టి రెండోది వదిలేస్తారు. పుట్టినరోజుకి ఫోన్ మోగలేదంటే ముందు చూడాల్సింది అదే.

మహేంద్రతనయ

ఇప్పుడే అక్కకి ఫోన్ చేసి చేయించాను. మీరన్నట్టే ఆ గడి ఖాళీగా ఉంది. గంట తరవాత జరిగేట్టు ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెడతాను. అక్క తన డిఫాల్ట్‌లో అరగంట ముందు అన్నది కూడా కలుపుకుంటే తెలిసిపోతుంది కదా?

వంశధార గట్టు

అలాగే చేయండి. అయిదు నిమిషాల్లో జరిగే ఈవెంట్ పెట్టి పరీక్షించకండి. ఈవెంట్ ఇంకో ఫోన్‌కి చేరడానికి ఒక్కోసారి కొంతసేపు పడుతుంది, ఈలోగా అలర్ట్ టైమ్ దాటిపోతుంది. అప్పుడు అన్నీ సరిగ్గానే ఉన్నా పనిచేయలేదనుకుంటాం. గంట వ్యవధి బాగుంటుంది.

మావయ్యగారి సంగతి. షేర్ చేసినప్పుడు ఆయనకి ఒక మెయిల్ వెళ్ళుంటుంది. అందులో లింకు నొక్కి ఒప్పుకుంటేనే క్యాలెండర్ ఆయన జాబితాలోకి చేరుతుంది. ముందు ఆయన ఖాతాతో బ్రౌజర్‌లో calendar.google.com తెరిపించండి. అక్కడ "మన ఇల్లు" లేకపోతే మెయిల్ వెతకాలి, లేదా ఆయన ఫోన్‌లో వాడే జీమెయిల్ మీరు షేర్ చేసినది కాకపోవచ్చు. బ్రౌజర్‌లో ఉండి ఫోన్‌లో లేకపోతే, యాప్ సెట్టింగ్స్‌లో ఆ క్యాలెండర్ పేరు నొక్కి `Sync` ఆన్‌లో ఉందో లేదో చూడాలి. ఈ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా యాప్ తీసేసి మళ్ళీ పెట్టుకోవడం వల్ల లాభం లేదు.

పట్టుదారం

మరి నేను చెప్పిన లింకులో తప్పేముంది? మా తమ్ముడు ఐఫోన్‌లో కలుపుకున్నాడు, అన్నీ కనిపిస్తున్నాయి.

వంశధార గట్టు

కనిపిస్తాయండీ, తప్పేమీ లేదు. కాకపోతే ఆ లింకుతో చూడడమే గానీ మార్చడం కుదరదు. మార్పు కూడా వెంటనే చేరదు. ఆ లింకుని ఇంకొకరు తమ గూగుల్ క్యాలెండర్‌లో `From URL` అని కలుపుకుంటే, మార్పులు కనిపించడానికి 12 గంటల దాకా పట్టవచ్చని గూగులే చెప్తుంది.

మహేంద్రతనయ గారి పనికే వేసి చూడండి. రేపు పొద్దున్న పదింటికి డాక్టరు దగ్గర ఉండాలని ఈవెంట్ ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఫోన్ వచ్చి ఎనిమిదిన్నరకే రమ్మన్నారు. ఈయన టైమ్ మార్చారు. షేర్ చేసిన క్యాలెండర్ వాడే తమ్ముడికి కొద్దిసేపట్లో కొత్త టైమ్ వస్తుంది. లింకుతో కలుపుకున్నవాళ్ళకి పొద్దున్న లేచేసరికి కూడా పదిగంటలనే ఉండవచ్చు. అలర్ట్ రాకపోతే మనిషి ఫోన్ చేసి అడుగుతాడు. పాత టైముకి అలర్ట్ వస్తే దాన్నే నమ్మి కూర్చుంటాడు, అదే ప్రమాదం. ఐఫోన్ ఎంతసేపటికోసారి తెచ్చుకోవాలన్నది `Fetch New Data` సెట్టింగ్‌ని బట్టి ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ లింకు ఎవరి చేతికి చిక్కితే వాళ్ళు మీ ఇంటి క్యాలెండర్ మొత్తం చదవగలరు, ఖాతా కూడా అక్కరలేదు. ఊరంతా ఉన్న గ్రూపులో పెట్టకండి. బయటికి పోయిందని అనుమానం వస్తే అదే చోట `Reset` నొక్కితే పాత లింకు పనిచేయడం మానేస్తుంది. అప్పుడు కొత్త లింకు అందరికీ మళ్ళీ పంపుకోవాలి. తేదీలు మారని పండగల జాబితా, స్కూలు సెలవులు లాంటివాటికి ఈ పద్ధతి హాయిగా సరిపోతుంది.

పట్టుదారం

12 గంటల సంగతి నాకు తెలీదు. మేము పెట్టుకునేవి పుట్టినరోజులూ పెళ్ళిరోజులే కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. అయినా ఇంట్లో జీమెయిల్ లేనివాళ్ళు ఉంటే నా పద్ధతే నయం అంటాను.

తంపర నీళ్ళు, చత్రపురం

అన్నయ్యగారూ, ఇది చూసి నా సమస్య కూడా చెప్తున్నాను. మా ఇంట్లో మావగారి ఆబ్దికం మాఘ బహుళ పంచమి. మా మరిది పోయినేడు ఆ రోజు ఏ ఇంగ్లీషు తేదీ వచ్చిందో చూసి, ప్రతి ఏటా వచ్చేట్టు పెట్టేశాడు. ఈ ఏడు అందరి ఫోన్లూ మోగాయి, కానీ తిథి అప్పటికే దాటిపోయింది. పంచాంగం చూసే అలవాటు అత్తగారికి ఉండబట్టి సరిపోయింది. మా తోడికోడలు ఒడియా అమ్మాయి, వాళ్ళ పంజికలో చూసి అసలిది ఫాల్గుణంలో వస్తుందంటుంది. ఎవరిది పెట్టాలి?

వంశధార గట్టు

అమ్మా, మీ ఇద్దరిదీ ఒకటే రోజు. మన తెలుగువాళ్ళకి నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో పున్నమితో ముగుస్తుంది. అందుకని శుక్లపక్షంలో నెల పేరు ఇద్దరికీ ఒకటే, బహుళ పక్షంలో వాళ్ళది ఒక నెల ముందుంటుంది. మనకి మాఘ బహుళ పంచమి అంటే వాళ్ళకి ఫాల్గుణ కృష్ణ పంచమి. శివరాత్రి చూడండి. మనం మాఘ బహుళ చతుర్దశి అంటాం, వాళ్ళు ఫాల్గుణం అంటారు, జాగారం మాత్రం ఇద్దరిదీ ఒకే రాత్రి. ఈవెంట్ పేరులో నెల రెండు రకాలుగానూ రాసిపెడితే మీ ఇంట్లో మళ్ళీ ఆ ప్రశ్న రాదు.

`Annually` అని పెడితే మాత్రం తిథి తప్పుతుంది. ఆ లెక్క ఇంగ్లీషు తేదీ మీద నడుస్తుంది. మహాశివరాత్రి 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15, 2027లో మార్చి 6. మొదట 11 రోజులు ముందుకి వచ్చింది, ఆ తరవాత 19 రోజులు వెనక్కి వెళ్ళింది, మధ్యలో 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి. మీ ఆబ్దికం కూడా అదే పక్షంలోది, ఇంచుమించు ఇలాగే జరుగుతుంది. ఏ రిపీట్ పెట్టినా ఇది పట్టుకోదు.

కాబట్టి ఆ రిపీట్ తీసేయండి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ ఏడాది తిథులన్నీ ఒకరు కూర్చుని రోజంతా ఈవెంట్‌లుగా పెట్టేయాలి. ఏటా ఆ పని ఎవరిదో ముందే అనుకోండి. అందరికీ క్యాలెండర్ ఒకటే కాబట్టి ఒక్కరు పెడితే చాలు.

మాస్టారు, జయపురం

గట్టు గారు తిథి గురించి చెప్పింది సరే. ఒక మాట కలుపుతాను. తిథి సూర్యోదయానికి ఉందా, అపరాహ్ణానికి ఉందా అన్నదాన్ని బట్టి ఆబ్దికం రోజు మారవచ్చు. ఫోన్‌లో ఏదో పంచాంగం యాప్ చూపించిన తేదీ పెట్టేయకుండా మీ పురోహితుడిని అడిగి పెట్టండి. తప్పు తేదీ పెడితే ఇంటిల్లిపాదికీ అదే వెళ్తుంది.

తంపర నీళ్ళు

చాలా థాంక్స్ అన్నయ్యగారూ, మాస్టారూ. ఈ పని నా పేరున రాసుకుంటాను.

కొండదారి, మోహన

ఇంత గొడవ ఎందుకండీ? ఈవెంట్ పెట్టేటప్పుడు `Add people`లో అందరి మెయిల్ ఐడీలూ వేసేస్తే అందరికీ ఆహ్వానం వెళ్తుంది, అలర్ట్ కూడా వస్తుంది. షేరింగ్ అక్కరలేదు.

వంశధార గట్టు

అదీ ఒక పద్ధతే. ఆహ్వానం వాళ్ళ సొంత క్యాలెండర్‌లోకి వెళ్తుంది, అక్కడ వాళ్ళ డిఫాల్ట్ అలర్ట్ ఏదుంటే అది మోగుతుంది. మీరు పెట్టిన రెండు గంటలు వాళ్ళకి వెళ్ళదు, ఇక్కడా ఎవరి అలర్ట్ వాళ్ళదే. పెళ్ళికో, గృహప్రవేశానికో బాగుంటుంది. నెలనెలా వచ్చే ఇంటి పనులకి ప్రతిసారీ అందరి పేర్లూ ఎక్కించాలంటే ఓపిక ఉండదు.

మహేంద్రతనయ

అక్క ఫోన్ మోగింది! అరగంట ముందు, అనుకున్నట్టే. మావయ్యది కూడా తేలింది. ఆయన ఫోన్‌లో రెండు జీమెయిల్‌లు ఉన్నాయి, నేను షేర్ చేసినది ఆయన వాడని ఖాతా. సరైన దానికి మళ్ళీ షేర్ చేశాను, మెయిల్‌లో లింకు నొక్కారు, వచ్చేసింది. డిఫాల్ట్ అలర్ట్ కూడా పెట్టించాను.

తమ్ముడి ఐఫోన్ దగ్గర చిక్కు ఉంది. వాడికి గూగుల్ యాప్ ఇష్టం లేదు, ఫోన్‌తో వచ్చిన క్యాలెండర్‌లోనే చూస్తానంటాడు. అందులో వాడి సొంత జీమెయిల్ క్యాలెండర్ ఉంది, "మన ఇల్లు" లేదు. నాన్నది ఇంకో రకం. అలర్ట్ వస్తుంది, కానీ ఆయన ఫోన్ తెరిచినప్పుడే వస్తుంది.

వంశధార గట్టు

తమ్ముడిగారిని ఆ ఐఫోన్‌లోనే సఫారీ తెరిచి, తన జీమెయిల్‌తో లాగిన్ అయ్యి, ఈ పేజీకి వెళ్ళమనండి:

```
https://calendar.google.com/calendar/syncselect
```

షేర్‌లో వచ్చిన క్యాలెండర్‌ల జాబితా వస్తుంది. "మన ఇల్లు" పక్కన టిక్ పెట్టి సేవ్ చేస్తే ఐఫోన్ క్యాలెండర్‌లోకి వస్తుంది. ఈ పేజీ ఫోన్ మెనూల్లో ఎక్కడా కనిపించదు, అందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

నాన్నగారిది బహుశా బ్యాటరీ సంగతి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి తెర ఆరిపోయాక వెనకాల యాప్‌లని పడుకోబెట్టేస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో గూగుల్ క్యాలెండర్‌ని తెరిచి, బ్యాటరీ దగ్గర ఏ ఆంక్షా లేకుండా పెట్టండి. అక్కడే నోటిఫికేషన్ అనుమతి కూడా చూడండి. ఫోన్ కంపెనీని బట్టి మెనూ పేర్లు మారతాయి.

మాస్టారు, జయపురం

ఐఫోన్ సొంత క్యాలెండర్‌లో ఈవెంట్ రావడం వరకూ సరే. అలర్ట్ మా అబ్బాయికి వస్తుంది, మా కోడలికి రాదు. ఇద్దరివీ ఐఫోన్లే. సెట్టింగ్‌లు పక్కపక్కన పెట్టి చూశాం, తేడా దొరకలేదు. చివరికి కోడలు గూగుల్ యాప్ వేసుకుంది, అందులో వస్తోంది. మా అబ్బాయి రెండు యాప్‌లూ ఉంచుకుంటే అలర్ట్ రెండుసార్లు మోగింది, ఒకదానికి నోటిఫికేషన్ ఆపేశాడు.

వంశధార గట్టు

నా సలహా కూడా అదే మాస్టారూ. చూడడానికి ఏ యాప్ అయినా సరే, మోగడానికి మాత్రం ఇంట్లో అందరూ గూగుల్ క్యాలెండర్ యాప్ మీదే ఉంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు వెతకడం తేలిక.

గోపాలపూర్ కెరటం

మా నాన్నగారిది బటన్ల ఫోన్. ఆయనకి మెసేజ్‌లా వచ్చే మార్గం ఏదైనా ఉందా?

వంశధార గట్టు

గూగుల్ క్యాలెండర్ నుంచి ఎస్ఎంఎస్ అలర్ట్‌లు వెళ్ళేవి, అవి ఎప్పుడో ఆపేశారు. బటన్ల ఫోన్‌కి నేరుగా పంపే దారి లేదు. ఆయన ఫోన్‌లోనే అలారం పెట్టడమో, ఇంట్లో ఒకరు అలర్ట్ రాగానే ఆయనకి ఫోన్ చేయడమో చేయాలి. ఇంకేదైనా దారి తెలిసినవాళ్ళుంటే రాయండి.

కొండదారి, మోహన

నాదొక సందేహం. మా చెల్లి నా క్యాలెండర్‌కే ఈవెంట్ పెట్టానంటుంది, నాకు కనిపించదు. తను మార్పులు చేసేట్టు అనుమతి ఇచ్చాను.

వంశధార గట్టు

ఫోన్‌లో ప్లస్ నొక్కి ఈవెంట్ పెడితే అది మామూలుగా ఆవిడ సొంత క్యాలెండర్‌లోకి వెళ్తుంది. సేవ్ చేసేముందు ఈవెంట్‌లో క్యాలెండర్ పేరు నొక్కి ఇంటి క్యాలెండర్‌ని ఎంచుకోవాలి. రంగు చూస్తే తెలుస్తుంది. ఇంటి క్యాలెండర్ ఈవెంట్‌లన్నీ ఒక రంగు, ఇది వేరే రంగు అయితే పక్కదాంట్లో పడిందన్నమాట. ఇప్పుడు ఆ ఈవెంట్‌ని తెరిచి క్యాలెండర్ మార్చి సేవ్ చేయమనండి.

అనుమతి గురించి కూడా ఒక మాట. `Make changes to events` ఇచ్చినవాళ్ళు ఎవరు ఈవెంట్ తీసేసినా అందరి ఫోన్‌లోంచీ పోతుంది. పొరపాటున పోతే కంప్యూటర్‌లో `Trash`లో 30 రోజుల దాకా ఉంటుంది. పెద్దవాళ్ళకీ పిల్లలకీ `See all event details` సరిపోతుంది, అలర్ట్‌లు దాంతో కూడా వస్తాయి.

పట్టుదారం

గూగుల్ ఫ్యామిలీ గ్రూపు చేసుకుంటే "Family" అని క్యాలెండర్ దానంతటదే వస్తుంది కదా, దాన్ని వాడొచ్చుగా?

వంశధార గట్టు

వాడొచ్చు. ఆ గ్రూపులో మొత్తం ఆరుగురే పడతారు. మహేంద్రతనయ గారింట్లో అక్క, తమ్ముడు, మావయ్య కలిస్తేనే ఏడుగురు అవుతున్నారు. అందుకే విడిగా క్యాలెండర్ తెరిచి ఒక్కొక్కరికి షేర్ చేయడమే మంచిది. అలర్ట్ విషయంలో అక్కడా ఎవరి అలర్ట్ వాళ్ళే పెట్టుకోవాలి.

మహేంద్రతనయ

తమ్ముడు ఆ పేజీలో టిక్ పెట్టాడు, "మన ఇల్లు" వాడి ఫోన్‌లోకి వచ్చింది. ఉత్తుత్తి ఈవెంట్‌కి అలర్ట్ మాత్రం రాలేదు, మాస్టారి కోడలిగారిలాగే. గూగుల్ యాప్ వేసుకోమని మా ఆవిడ చెప్పింది, వదిన మాట కాదనలేక వేసుకున్నాడు. నాన్న ఫోన్‌లో బ్యాటరీ ఆంక్ష తీసేశాను. ఇవాళ తెర ఆరిపోయి ఉన్నప్పుడు ఒక అలర్ట్ మోగింది, ఒకటి ఆలస్యంగా వచ్చింది. పూర్తిగా కుదిరిందని ఇప్పుడే చెప్పలేను. అమ్మని బరంపురం తీసుకెళ్ళేది వచ్చే బుధవారం. నాన్న ఫోన్‌లో మామూలు అలారం కూడా పెట్టి ఉంచాను. ఎవరెవరికి ఎప్పుడు మోగిందో గురువారం వచ్చి ఇక్కడే రాస్తాను.